నీళ్లు ఎన్నింటికి తీశారు?

2023 జూన్‌లో నీట్ ఫలితాలొచ్చిన రాత్రి, భీమవరం పక్క పల్లెలో ఒక ఇంటికి వరసగా ఫోన్లు. "మనోడు క్వాలిఫై అయ్యాడంటగా, స్వీట్లెప్పుడండీ?" అని. కుర్రాడికి వచ్చినవి 720కి 418. ఆ ఏడాది జనరల్ కోటాలో క్వాలిఫై కావడానికి 137 చాలు. ఆ లెక్కన మూడు రెట్లు వచ్చినట్టే. వాళ్ల నాన్న కూడా రెండు రోజులు అదే నమ్మకంతో తిరిగాడు. మెడికల్ సీటు రాదని వాడికి మాత్రం ఆ రాత్రే తెలుసు.

క్వాలిఫై అనే మాట ఎన్ని ఇళ్లలో ఎంత గందరగోళం చేస్తుందో చెప్పలేం. నీట్‌లో అది మార్కుల గీత కాదు, పర్సంటైల్ గీత. రాసినవాళ్లని వరసలో నిలబెడితే పై సగంలో ఉన్నవాళ్లందరూ జనరల్ కోటాలో క్వాలిఫై. రిజర్వేషన్ ఉన్నవాళ్లకు ఆ గీత ఇంకాస్త కిందకి దిగుతుంది. అలా ఆ ఏడాది దేశం మొత్తం మీద 11 లక్షల మందికి పైగా క్వాలిఫై అయ్యారు. ఎంబీబీఎస్ సీట్లు ప్రభుత్వానివీ ప్రైవేటువీ కలిపితే లక్షకు కాస్త పైన. అంటే క్వాలిఫై అయిన పదిమందిలో ఒకరికి సీటు. తక్కిన తొమ్మిది ఇళ్లకూ స్వీట్ల ఫోన్లు మాత్రం వస్తాయి.

కుర్రాడు పేరు రాయొద్దన్నాడు, కాబట్టి ఇక్కడ కుర్రాడే. ఇంటర్ అయిన ఏడాది మొదటిసారి రాస్తే మూడొందల్లో ఆగాడు. తర్వాత విజయవాడలో లాంగ్ టర్మ్. పొద్దున్నే స్టడీ అవరు, రాత్రి పదింటికి మళ్లీ స్టడీ అవరు, వారం వారం పరీక్ష, తప్పులన్నీ ఒక పుస్తకంలో ఎక్కించడం. ఫలితం తర్వాత తన లెక్క తనే వేసుకున్నాడు. 180కి 172 ప్రశ్నలు పెట్టాడు. 118 ఒప్పు, 54 తప్పు. ఒప్పుకి నాలుగు చొప్పున 472, తప్పుకి ఒకటి చొప్పున 54 పోతే 418. ఆ 54 ముట్టుకోకుండా వదిలేసినా 472 దగ్గరే ఆగేవాడు, వాడి ర్యాంకుల లెక్కలో అదీ చాలేది కాదు. నెగెటివ్ మార్కుల వల్ల పోయిందని చెప్పుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

వాళ్లమ్మ ఇంకో ఏడాది చూద్దామంది. నాన్నది మూడెకరాల లీజు చెరువు. ఆ ముందు పంట తెల్లమచ్చకి పోయింది. లాంగ్ టర్మ్ ఫీజు ఎక్కడి నుంచి తేవాలో ఆయనకే తెలియదు, కానీ కొడుకుతో వద్దని అనలేకపోయాడు. చివరికి కుర్రాడే వద్దన్నాడు. వద్దన్నాడంటే ఏదో నిర్ణయం తీసుకున్నాడని కాదు. నెల రోజులు ఇంట్లో పడుకున్నాడు. అది చూడలేక మేనమామ తీసుకెళ్లి ఊళ్లో ఒక ఆక్వా ల్యాబులో పెట్టాడు. తొమ్మిది వేలు జీతం, మొదటి పని సీసాలు కడగడం. ఆ ఏడాదే భీమవరంలో డిగ్రీలో చేరాడు, ఆక్వాకల్చర్ ఒక సబ్జెక్టుగా. కాలేజీ పొద్దున, ల్యాబు మధ్యాహ్నం నుంచి. అదీ ఇష్టపడి కాదు, సీటు ఖాళీగా ఉంది కాబట్టి.

ఆక్వా ల్యాబంటే పెద్దదేమీ ఊహించుకోనక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో మెయిన్ రోడ్డు మీద మేత, మందులు అమ్మే కొట్టు ఉంటుంది. దాని వెనక గదిలో ఒక బల్ల, బ్యూరెట్టు, పీహెచ్ మీటరు, మైక్రోస్కోపు. కాస్త పెద్దదైతే బ్యాక్టీరియా పెంచే ఇంక్యుబేటరు, ఇంకా పెద్దదైతే పీసీఆర్ మిషను. పొద్దున్నే రైతులు వాటర్ బాటిళ్లలో, శీతల పానీయాల సీసాల్లో చెరువు నీళ్లు పట్టుకొస్తారు. ఉప్పు ఎంత, పీహెచ్ ఎంత, ఆల్కలినిటీ, అమ్మోనియా, ఆక్సిజన్ ఎంత అని చీటీ మీద రాసిస్తారు. చాలాచోట్ల నీటి పరీక్ష ఉచితం. దాని ఖర్చు చీటీ కింద రాసే మందుల్లో వచ్చేస్తుంది. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

సీసాలు కడగడం నుంచి బ్యూరెట్టు దాకా రావడానికి వాడికి ఎక్కువ కాలం పట్టలేదు. టైట్రేషన్ ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఉన్నదే. కాకపోతే ఇంటర్లో రీడింగులు ముందు బ్యాచి వాళ్లవి చూసి రాసుకున్నవి. చేత్తో బ్యూరెట్టు తిప్పడం, నీలం రంగు ఒక్క చుక్కకి విరిగిపోవడం చూడడం ఈ వెనక గదిలోనే మొదటిసారి. రెండేళ్లు కెమిస్ట్రీ చదివిన పిల్లాడికి టైట్రేషన్ కొట్టు వెనక గదిలో పరిచయం కావడం వాడి తప్పైతే కాదు.

ఆ శీతాకాలంలో ఒక రోజు ఒక రైతు నీళ్లు తెచ్చాడు. పొద్దున పదింటికి సీసా బల్ల మీదకొచ్చింది, ఆక్సిజన్ లీటరుకి 6 మిల్లీగ్రాములు. వనామీ రొయ్యకి అది నిక్షేపంగా చాలు. నాలుగు పైన ఉంటే బాగు, మూడు కిందకి దిగితే భయపడాలి. చీటీ తీసుకుని ఆయన వెళ్లిపోయాడు. మర్నాడు తెల్లవారుజామున ఆయన చెరువులో రొయ్యలు గట్టు వారకి వచ్చి తేలాయి. నాలుగో వంతు పోయింది. చీటీ పట్టుకుని ల్యాబుకొచ్చి, "ఆరుందని రాశారు కదండీ, ఏదండీ ఆరు?" అని అడిగాడు. కొట్టు యజమాని రికార్డు తీసి చూపించాడు. "టెస్టులో తేడా లేదండి, రాత్రి ఏదో జరిగుంటుంది."

టెస్టులో నిజంగానే తేడా లేదు. సీసాలో ఉన్నది ఆరే. కానీ ఆ ఆరు చెరువుది కాదు, సీసాది. సగం నింపిన సీసాని బండి మీద అరగంట కుదిపితే పైనున్న గాలి నీళ్లలో కలుస్తుంది. పచ్చగా నాచు పట్టిన నీళ్లయితే, ఎండలో సీసా లోపలే ఆ నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. పైగా ఆయన నీళ్లు తీసింది తొమ్మిదింటికి, ఎండెక్కాక. చెరువులో సూక్ష్మమైన నాచు పగలంతా ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే పీల్చుకుంటుంది. దానితోపాటు రొయ్యలు, అడుగున కుళ్లే మేత, బ్యాక్టీరియా అన్నీ పీలుస్తాయి. అందుకే ఆక్సిజన్ బాగా తగ్గేది సూర్యుడు రాబోయే ముందు. కిరణజన్య సంయోగక్రియ మీద నీట్‌లో తను ఒక్క ప్రశ్న కూడా తప్పు పెట్టలేదని కుర్రాడు చెప్పాడు. చీటీ రాసేటప్పుడు మాత్రం అది గుర్తుకే రాలేదట.

గుర్తొచ్చాక ఊరుకోలేదు. ల్యాబులో మూలన పడున్న గాజు బిరడా సీసాలు, మూడు మందు సీసాలు ఒక బుట్టలో పెట్టుకుని వాళ్ల నాన్న చెరువుకి తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్లాడు. ఈ పద్ధతి పేరు వింక్లర్, పాతది. అయినా గట్టు మీద దీన్ని నమ్మొచ్చు. బుడగ లేకుండా సీసా నిండా నీళ్లు పట్టాలి. వెంటనే కొద్దిగా మాంగనస్ సల్ఫేటు, తర్వాత క్షారం కలిపిన అయొడైడ్ వేసి బిరడా బిగించి తలకిందులు చేయాలి. ఆక్సిజన్ ఉంటే ముద్దముద్దగా గోధుమ రంగు మడ్డి దిగుతుంది. ఎక్కువ ఉంటే చిక్కటి గోధుమ, తక్కువైతే లేత. బొత్తిగా లేకపోతే మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. అక్కడితో ఆక్సిజన్ కట్టుబడిపోయినట్టే, ఇక సీసాని బండి మీద కుదిపినా పెద్దగా మారదు. ల్యాబుకొచ్చాక యాసిడ్ వేస్తే మడ్డి కరిగి పసుపు రంగు అయొడిన్ బయటికొస్తుంది. దానికి గంజి చుక్క వేసి నీలం చేసి, హైపోతో ఆ నీలం పోయేదాకా టైట్రేట్ చేయాలి. 200 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, హైపో బలం సరిగ్గా కలిపి ఉంటే, ఖర్చయిన ఒక్కో మిల్లీలీటరు లీటరుకి ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ కింద లెక్క.

తెల్లవారుజాము సీసాకి 2.1 ఖర్చయింది. అదే గట్టు మీద మధ్యాహ్నం మూడింటికి తీసినదానికి 9.4. ఒకే చెరువు, ఒకే రోజు. నాన్న ఆ రెండు సీసాలూ చూసి, "రాత్రి రెండింటికి కరెంటు ఖర్చని రెండు ఏరేటర్లు ఆపేస్తున్నానురా" అన్నాడు. ఆపుతున్నది ఎప్పుడు ఎక్కువ కావాలో సరిగ్గా అప్పుడు. ఏరేటర్లు మధ్యాహ్నం ఆపితే నష్టం తక్కువ, ఆ కరెంటు రాత్రికి మిగుల్తుంది. ఈ మాట పాత రైతులకు తెలియంది కాదు. తమ చెరువులో అంకె ఎంత దాకా దిగుతోందో మాత్రం గట్టు మీద ఎవరూ చూపించలేదు.

ఆ తర్వాత ల్యాబు చీటీలో ఒక గడి పెరిగింది. 'నీళ్లు తీసిన టైము' అని. యజమాని పెద్దగా పట్టించుకోలేదు, గడి ఉంటే ఖర్చేముంది అనుకున్నాడు. కానీ సీసా చేతికివ్వగానే కుర్రాడు మొదట అడిగేది అదే. "బాబాయ్‌గారండీ, నీళ్లు ఎన్నింటికి తీశారు?" జవాబు లేకపోతే ఆక్సిజన్ గడి ఖాళీగా వదిలేస్తాడు. అమ్మోనియాకైతే ఆ టైము ఇంకా అవసరం. పరీక్షలో వచ్చేది మొత్తం అమ్మోనియా. అందులో రొయ్యకి విషమయ్యే పాలు ఎంతన్నది పీహెచ్ మీద ఆధారపడుతుంది. మన వేడికి, పీహెచ్ 7.5 దగ్గర అది నూటికి రెండు పాళ్లే, 9కి వచ్చేసరికి దరిదాపు నలభై. నాచు బాగా పట్టిన చెరువులో పీహెచ్ పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ. పొద్దున తీసిన నీళ్ల మీద 'ఫరవాలేదు' అని రాసిన చీటీ సాయంత్రానికి అబద్ధమవుతుంది.

ఇదంతా వాడికి కొత్త దారి దొరికిన కథలా చెప్పొచ్చు, కానీ ఆ ఏడాదంతా వాడు నీట్ మళ్లీ రాస్తానేమోనన్న అనుమానంలోనే ఉన్నాడు. తప్పుల పుస్తకం పారేయలేదు. 2024 నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఫారం సగం నింపి ఆపేశాడు. కారణం అడిగితే చెరువుల పిల్ల వేసే రోజులు అవి, ల్యాబులో తీరిక లేదన్నాడు. పెద్ద కారణమేదో చెబుతాడనుకున్నాను. అదే కారణమట.

పిల్ల వేసే రోజులంటే పీసీఆర్ రోజులు. మన దగ్గర టైగర్ రొయ్య సాగు 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్‌తో కుదేలయింది. 2009లో అనుమతి వచ్చాక వనామీ ఆ చోటు ఆక్రమించింది. తెల్లమచ్చ పోలేదు, దానికి తోడు కొన్నేళ్లుగా ఈహెచ్‌పీ అని ఇంకొకటి తగులుకుంది. ఇది వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు. కాలేయంలాంటి గ్రంథి కణాల్లో దూరి పెరిగే అతి చిన్న పరాన్నజీవి. తెల్లమచ్చ వస్తే వారంలో చెరువు ఖాళీ. ఈహెచ్‌పీ వస్తే రొయ్య చావదు, పెరగదు. మేత మాత్రం తింటూనే ఉంటుంది. రైతు కూడబెట్టినది అలా సద్దులేకుండా కరిగిపోతుంది.

దీన్ని పట్టడం ఎలాగో కుర్రాడు ఒక చెరువు సంగతి చెప్పాడు. అరవయ్యో రోజున విసురువల వేస్తే పడ్డ రొయ్యలన్నీ ఒకే సైజులో ఉండాలి, పది గ్రాములకి అటూ ఇటూగా, అంటే వంద కౌంటు. అక్కడ పడ్డవి కొన్ని తొమ్మిది గ్రాములు, కొన్ని మూడు. సగటు ఐదు, అంటే కిలోకి 200. మేత ట్రే దగ్గర నీళ్ల మీద తెల్లటి దారాల్లాంటి రెట్ట తేలుతోంది. రెంటినీ చూసి అనుమానపడొచ్చు, తేల్చుకోవడానికి పీసీఆర్ కావాలి. పాజిటివ్ వచ్చింది. దీనికి చెరువులో వేయగల నికరమైన మందు లేదు. కొట్టు యజమాని చీటీ కింద పేగులకి ప్రోబయోటిక్, మినరల్స్, ఇంకేవో నాలుగు రాశాడు. బిల్లు యాభై వేలు దాటింది. కుర్రాడు సీసా బయట పెట్టే వంకతో రైతు వెంట రోడ్డు మీదకి వెళ్లి, "మావయ్యగారండీ, రోజూ మేత ఎంత పోతోంది, బరువు ఎంత పెరుగుతోంది, వారం రాసి చూసుకోండి. పెరిగిన బరువు ధర కన్నా మేత ఖర్చెక్కువైతే పట్టేయండి" అన్నాడు. ఆయన వారం ఆగి చిన్న కౌంటుకే పట్టేశాడు. లాభం లేదు, కానీ అప్పు పెరగలేదు. కొట్టుకి ఆ బిల్లు రాలేదు. ఎందుకు రాలేదో యజమానికి తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు, కుర్రాడి ఉద్యోగం పోయింది.

ఇక్కడ యజమానిని దుర్మార్గుడిగా రాయడం తేలిక. పరీక్ష ఉచితంగా కావాలని అడిగేది రైతులే. ఉచితంగా చేసేవాడు ఎక్కడో ఒకచోట రాబట్టుకుంటాడు. డబ్బు తీసుకుని పరీక్ష మాత్రమే చేసి, మందులమ్మని చోటు ఉంటే చీటీ వేరేలా ఉంటుంది. అలాంటివి తక్కువ. వాటిలో ఒకదాంట్లో కుర్రాడికి పీసీఆర్ బల్ల దగ్గర పని దొరికింది.

అక్కడే వాడికి ఇంటర్ గణితం చదవలేదన్న బాధ మొదలైంది. బైపీసీ వాళ్లకి సంభావ్యత అక్కర్లేదనుకుంటాం. హ్యాచరీ ట్యాంకులో లక్షల పిల్లలుంటాయి. రైతు ఒక కవరులో పదిహేను పిల్లలు పట్టుకొచ్చి టెస్టు చేయమంటాడు, నెగెటివ్ రాగానే లోడు ఎత్తించుకుంటాడు. ట్యాంకులో నూటికి రెండు పిల్లలకి ఈహెచ్‌పీ ఉందనుకోండి. చేతికొచ్చిన ఒక్కో పిల్ల మంచిదయ్యే అవకాశం 0.98. పదిహేనూ మంచివే కావాలంటే 0.98ని పదిహేనుసార్లు గుణించాలి, 0.74 వస్తుంది. అంటే జబ్బున్న ట్యాంకే అయినా నాలుగింట మూడుసార్లు చీటీ నెగెటివ్ వస్తుంది. మిషనులో దోషం ఉండదు, కవరులో జబ్బు పిల్ల లేదంతే. అదే 150 పిల్లలు తెస్తే అలా తప్పించుకునే అవకాశం నూటికి ఐదుకి పడిపోతుంది. పరీక్ష ఖర్చు పెద్దగా పెరగదు, పిల్లలన్నీ కలిపి కొన్ని గుంపులుగా చేస్తారు. కాకపోతే ఆ 150 ట్యాంకు నాలుగు పక్కల నుంచీ, అడుగు నుంచీ తీయాలి. పైన హుషారుగా ఈదేవాటినే ముంచి ఇస్తే ఎన్ని తెచ్చినా ఒకటే. ఈ లెక్క కుర్రాడు ఫోను కాల్‌క్యులేటర్లో వేసి రైతులకి చూపిస్తాడు. కొందరు వింటారు. హ్యాచరీ వాళ్లు పిల్లలు అన్ని ఇవ్వరని కొందరంటారు, అదీ అబద్ధం కాదు.

నూటయాభై నెగెటివ్ వచ్చినా పంటకి హామీ లేదు. పాత పంటలో జబ్బుంటే దాని బీజాలు చెరువు మట్టిలోనే ఉంటాయి. నీళ్లు తీసేసి బాగా ఎండగట్టి, దున్ని, నీళ్లు తగలని కాల్చిన సున్నం ఎకరాకి రెండున్నర టన్నుల దాకా వేసి తడిపితే మట్టి పీహెచ్ 12కి ఎక్కి అవి చస్తాయని చెబుతారు. చేసేవాళ్లు ఎంతమంది? లీజు చెరువులో సున్నానికి అంత ఖర్చు పెడితే వచ్చే ఏడాది ఆ చెరువు మనదో కాదో తెలియదు. ల్యాబు చెప్పే సలహా ఎక్కడ ఆగిపోతుందో కుర్రాడికి ఇక్కడ అర్థమైంది.

ఇప్పుడు డిగ్రీ చివరికొచ్చాడు. జీతం పద్దెనిమిది వేలు, దాంతో ఎమ్మెస్సీకి ప్రవేశ పరీక్ష రాయాలో, చిన్న ల్యాబు పెట్టాలో తేల్చుకోలేదు. నీళ్ల పరీక్షలకైతే సామాను లక్షలోపు వస్తుంది, పీసీఆర్ మిషనంటే అప్పే. తెల్లవారుజామున గట్టు మీదకే వెళ్లి ఆక్సిజన్ చూసి, చెరువుకింత అని తీసుకోవడం మొదలుపెట్టాడు. నలుగురైదుగురు రైతులు పిలుస్తున్నారు. వాళ్లలో ఒకరు మొదటి ల్యాబుకి చీటీ పట్టుకొచ్చి "ఏదండీ ఆరు?" అనడిగినాయన. డబ్బు మాత్రం పట్టుబడి అయ్యాకే ఇస్తానంటాడు.

నాన్న లెక్క వేరు. పోయిన పంటకి పిల్ల టెస్టు చేయించమని కొడుకు మొత్తుకుంటే, "తెలిసిన హ్యాచరీయేరా" అని నేరుగా లోడు దింపించాడు. అరవయ్యో రోజున విసురువల వేసినప్పుడు సైజుల్లో తేడా కనిపించి కొడుకుని పిలిచాడు. టెస్టు చేస్తే ఈహెచ్‌పీ లేదు. చెరువు మూలలకి మేత సరిగ్గా అందడం లేదు, అందుకే తేడా. నాన్న ఆ చీటీ జేబులో పెట్టుకుని నెల రోజులు ఊరంతా చూపించాడు, టెస్టు అక్కర్లేదని తను ముందే చెప్పానని. ఈసారి పిల్ల ఒంగోలు వైపు నుంచి వస్తోంది. నూటయాభై పిల్లలు ఇవ్వనన్నాడట హ్యాచరీవాడు, అరవైకి ఒప్పుకున్నాడు. నూటికి రెండు ఉంటే అరవైలో దొరకకుండా పోయే అవకాశం ఇంకా దాదాపు ముప్ఫై శాతం. కొడుకు ఇంకో కవరు కోసం బేరమాడుతున్నాడు, నాన్న లారీవాడితో అడ్వాన్సు మాట్లాడేశాడు.